గొడుగుల అంగడికి వానకాలం ఎప్పుడు? మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో రుతువును బట్టి ప్రచారం

గొడుగులు, రెయిన్‌కోట్లు, చెప్పులు అమ్మే అంగడివాళ్లు వాన రాకకు ముందు, వాన కురిసేటప్పుడు, వెలిసాక కొనేవాళ్లకు పంపే కబుర్లనూ, పెట్టే తగ్గింపులనూ, చేసే సరుకు ఏర్పాట్లనూ కలిపి వానకాలపు ప్రచారం అంటారు. కేరళలోనో ముంబయిలోనో దీనికి తేదీ దాదాపు ఖాయం. జూన్ వస్తే వాన వస్తుంది, బడులు తెరుస్తారు, గొడుగులు అమ్ముడవుతాయి. పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మిట్టలో ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో ఆ లెక్క కుదరదు. జూన్‌లో 'మాన్‌సూన్ ఆఫర్' బోర్డు కట్టి, సెప్టెంబరుకల్లా దాన్ని విప్పేసే అంగడి ఇక్కడ అసలు వానకు ముందే తన మాట అయిపోగొట్టుకుంటుంది. ఈ వ్యాసం ఆ మూడు ఊళ్ల వాన తీరుకు తగ్గట్టు ఏ కబురు ఎప్పుడు పనిచేస్తుందో, తగ్గింపు ఎప్పుడు లాభమో ఎప్పుడు నష్టమో వివరిస్తుంది.

మిట్ట మీది వాన

మూడు పట్టణాలూ సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, మైసూరు పీఠభూమి తూర్పు అంచున ఉన్నాయి. మదనపల్లెకు దగ్గరలోని హార్స్‌లీ కొండలు 1,265 మీటర్ల దాకా లేస్తాయి. నైరుతి రుతుపవనాలు జూన్ మొదటి వారంలోనే రాయలసీమకు చేరతాయి. కానీ అప్పటికే పడమటి కనుమలు వాటి తేమను చాలావరకు పిండుకొని ఉంటాయి. అందుకే జూన్, జూలై నెలల్లో ఇక్కడ మబ్బు కనిపిస్తుంది, గాలి ఈడ్చి కొడుతుంది, తుంపర పడుతుంది. జోరువాన మాత్రం తక్కువ. మదనపల్లె పక్కన 1915లో క్షయ రోగుల కోసం ఆరోగ్యవరం శానటోరియం వెలిసిందంటే ఇక్కడి చల్లని పొడి వాతావరణానికి ఎంత పేరుండేదో ఊహించుకోవచ్చు. గొడుగుల వ్యాపారానికి మొదట్లో ఇది ఆశాజనకమైన సంగతేమీ కాదు.

అసలు వాన ఆగస్టు చివర మొదలై సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పుంజుకుంటుంది. పగలంతా ఎండ కాసి, మధ్యాహ్నం మూడు దాటాక మబ్బు కమ్మి, సాయంత్రం ఉరుములతో కురిసి రెండు గంటల్లో వెలిసిపోయే వాన అది. అక్టోబరు మూడో వారానికి నైరుతి వెనక్కి మళ్లి ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. అప్పుడు వాన తూర్పు నుంచి, బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాల వెంట వస్తుంది. అది రెండు మూడు రోజులు విడవకుండా పట్టే ముసురు, దానికి తోడు చలి. 2020 నవంబరులో నివర్, 2022 డిసెంబరులో మాండౌస్ తుపాన్లు తమిళనాడు, పుదుచ్చేరి తీరాల్లో ఒడ్డు దాటినా వాటి వాన ఈ జిల్లాలను తడిపింది. 2021 నవంబరు వానలకు చిత్తూరు, కడప జిల్లాలు వరదపాలయ్యాయి. ఆ నెల 19న రాజంపేట దగ్గరి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది.

వీటికి ముందు ఏప్రిల్, మే నెలల్లో ఎండాకాలపు గాలివాన ఒకటుంది. అది చెప్పి రాదు, అరగంటలో పోతుంది. అంటే అంగడికి వానకాలం ఒకటి కాదు, నాలుగు. మేలో గాలివాన, జూన్ జూలైలలో గాలీ తుంపరా, సెప్టెంబరు అక్టోబరులలో సాయంత్రపు జోరువాన, నవంబరు డిసెంబరులలో ముసురు. ఒక్కో దానికి కావలసిన సరుకు వేరు, పంపాల్సిన మాట వేరు.

ఏ నెలలో ఎవరికి ఏమి చెప్పాలి

మార్చి నుంచి మే దాకా గొడుగు అమ్ముడయ్యేది ఎండకే. లోపల వెండి పూత ఉన్న బట్ట, తేలికైన మడత గొడుగు ఆ రోజుల్లో కదులుతాయి. పల్లెల్లో పెద్దవాళ్లు కొనే వంపుపిడి నల్ల గొడుగుకు రుతువుతో పెద్దగా పని లేదు. ఎండకు నీడ, వానకు కప్పు, నడకకు ఊతం అన్నీ అదే కాబట్టి ఏడాది పొడుగునా అమ్ముడవుతుంది. దాని మీద తగ్గింపు పెట్టడం అనవసరమని చెప్పవచ్చు. కొనేవాడు ధర చూసి కాదు, పాతది విరిగి వస్తాడు.

జూన్ 12 ప్రాంతంలో రాష్ట్రంలో బడులు తెరుస్తారు. చెప్పుల అంగడికి ఇది పెద్ద తేదీ. కానీ 2020 నుంచి దీని లెక్క మారింది. ప్రభుత్వ బడుల పిల్లలకు మొదట జగనన్న విద్యా కానుక పేరుతోనూ, 2025 నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతోనూ ఇస్తున్న కిట్లలో బ్యాగుతో పాటు బూట్లు, సాక్సులు కూడా ఉంటున్నాయి. కాబట్టి సర్కారు బడి తల్లిదండ్రులకు 'స్కూల్ షూస్ ఆఫర్' అని కరపత్రం పంచితే కాగితం వృథా. వాళ్లకు చెప్పాల్సింది కిట్‌లో లేనివాటి గురించి: పిల్లల రెయిన్‌కోటు, వీపు మీది బ్యాగు కూడా తడవకుండా వెనక ఉబ్బు ఉన్న కోటు, బ్యాగుకు తొడిగే కవరు, తడి రోజున బూట్ల బదులు వేసుకునే చెప్పులు. బూట్ల మాట ప్రైవేటు బడుల దారిలో చెప్పాలి. అంగడి ఒకటే అయినా రెండు వీధులకు రెండు కరపత్రాలు కావాలి.

జూన్ జూలైలలో గొడుగుకు వాన కంటే గాలి పెద్ద పరీక్ష. ఆషాఢపు గాలికి చవక గొడుగు తిరగబడి, ఉక్కు పుల్ల ఒకసారి వంగితే మళ్లీ సరిగ్గా మూసుకోదు. ఫైబర్‌గ్లాసు పుల్లలైతే వంగి మళ్లీ నిలబడతాయి. ఈ తేడాను మాటల్లో చెప్తే ఎవరికీ పట్టదు. అంగడి ముందు ఒక గొడుగును చేత్తో తిరగేసి మళ్లీ సరిచేసి చూపిస్తే చాలు. అదే పనిని పది సెకన్ల వీడియో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడితే ఆ నెలకు అంతకంటే పనికొచ్చే కబురు ఉండదు. ఇవే రోజుల్లో పాత గొడుగు తెచ్చినవాళ్లకు పుల్ల మార్చి, కుట్టు వేసి ఇచ్చే మనిషిని అంగడి ముందు కూర్చోబెట్టడం మంచి ఎత్తు. బాగుచేత మీద వచ్చే డబ్బు తక్కువే. కానీ బాగుకాని గొడుగు పట్టుకొచ్చినవాడు వట్టి చేతులతో తిరిగి వెళ్లడు.

తెలుగు ఊళ్లలో ఆషాఢం తగ్గింపులు బట్టల అంగళ్ల వల్ల అందరికీ అలవాటైన మాట. చెప్పుల అంగడి కూడా ఆ అలవాటును వాడుకోవచ్చు. అయితే ఆషాఢం ఇంగ్లీషు తేదీలతో కదలకుండా ఉండదు. 2025లో జూన్ చివర మొదలైంది. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో జూలై నడిమికి జరిగింది. నిరుటి కరపత్రంలో ఏడాది మాత్రమే మార్చి అచ్చు వేయిస్తే ఇలాంటి సంవత్సరం తప్పు నెలలో తగ్గింపు పెట్టినట్టవుతుంది.

పుంగనూరు చుట్టుపక్కల పాడి, కూరగాయల సాగు ఎక్కువ. తెల్లవారుజామున పాలు పోయడానికి వెళ్లేవాళ్లకూ, టమాటా తోటల్లో పనిచేసేవాళ్లకూ గొడుగు పనికిరాదు, రెండు చేతులకూ పని ఉంటుంది కదా. వాళ్లకు కావలసింది మోకాళ్ల దాకా వచ్చే గమ్‌బూట్లు, తల మీద నుంచి వేసుకునే పాంచో, క్రేట్ల మీద కప్పే పట్ట. రైతుకు తేదీ కన్నా కార్తె దగ్గర. ఆరుద్ర, పునర్వసులలో విత్తనం వేసేవాడు ఉత్తర, హస్త కార్తెల వాన కోసం చూస్తాడు. సెప్టెంబరు 13 ప్రాంతంలో ఉత్తర కార్తె మొదలవుతుంది. రైతులకు వెళ్లే కరపత్రం మీద 'సెప్టెంబరు ఆఫర్' అనే కన్నా కార్తె పేరు వేస్తే తేదీ చెప్పక్కర్లేదు.

మదనపల్లెలో టమాటా ధరకూ అంగడి గల్లాకూ సంబంధం ఉంది. ఆసియాలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటిగా పేరున్న ఇక్కడి యార్డులో 2023 జూలై చివర మేలురకం కిలో 200 రూపాయల దరిదాపుకు వెళ్లింది. కిలో అయిదుకు పడిపోయిన రోజులూ ఈ యార్డు చూసింది. ధర ఉన్న వారం రైతు మంచి రెయిన్‌కోటు కొంటాడు, ధర లేని వారం పాతదానికే కుట్టు వేయిస్తాడు. అందుకే యార్డు వైపు కట్టే బోర్డు మీద ఏం రాయాలో ఆ వారం పాట చూసి నిర్ణయించుకోవాలి.

తగ్గింపు లెక్క

చిన్న అంగళ్లలో చాలామంది తగ్గింపు అంటే అమ్మకం పెరగడం అని మాత్రమే చూస్తారు. ఎంత పెరిగితే నష్టం పూడుతుందో లెక్క వేయరు. ఒక మూడు మడతల గొడుగు తీసుకుందాం. కొనుగోలు 210 రూపాయలు, అమ్మేది 320, మిగిలేది 110. దీని మీద పది శాతం తగ్గిస్తే ధర 288 అవుతుంది, మిగులు 78కి పడిపోతుంది. ఇప్పుడు మామూలుగా నెలకు 30 గొడుగులు అమ్మే అంగడికి 3,300 రూపాయలు మిగిలేవి. తగ్గింపు పెట్టి 40 అమ్మినా వచ్చేది 3,120 మాత్రమే. అమ్మకం మూడో వంతు పెరిగి కూడా మిగులు తగ్గింది. పాత మిగులు నిలవాలంటే 43 గొడుగులు అమ్మాలి. పది శాతమే కదా అనుకున్న తగ్గింపుకు నలభై శాతం పైగా అమ్మకం పెరగాలన్నమాట.

దీన్నుంచి ఒక పద్ధతి తేలుతుంది. వాన కురిసే గంటలో తగ్గింపు పెట్టకూడదు. అప్పుడు కొనేవాడికి కావలసింది ధర కాదు, వస్తువు దొరకడం. అలాగని ధర పెంచడానికీ వీల్లేదు. ప్యాకెట్ మీద అచ్చయిన గరిష్ఠ చిల్లర ధర దాటి అమ్మడం తూనికలు కొలతల చట్టం కింద నేరం. వాన రోజున ధర కదలకుండా ఉంచి, తగ్గింపును వాన తక్కువ ఉండే రోజులకు, అంటే జూలై నడిమికీ జనవరికీ అట్టిపెట్టుకోవాలి. ఎండ ఉన్నప్పుడు గొడుగు కొనిపించాలంటే కారణం చూపాలి, ఆ కారణమే తగ్గింపు.

చెప్పుల్లో ఇంకో ఉపాయం బాగా కుదురుతుంది. దసరా, దీపావళి ఇక్కడి అసలు వానల్లోనే వస్తాయి. పండక్కి కొత్త తోలు చెప్పులు కొన్నవాడు వాటిని బురదలో పెట్టడానికి వెనకాడతాడు. పండక్కి ఒక జత, వానకు ఒక జత అని రెండూ కలిపి అమ్మవచ్చు. 950 రూపాయల తోలు చెప్పుల మీద అంగడికి 330 మిగులుతుందనుకుందాం. 160కి కొని 250కి అమ్మే ఈవీఏ చెప్పులను ఆ కొనుగోలుదారుకు 190కే ఇస్తే ఇంకో 30 మిగులుతుంది. అయితే ఎలాగూ రెండు జతలూ కొనేవాడికి కూడా 190కే ఇచ్చాం కాబట్టి అతని దగ్గర 60 పోతుంది. ఈ ఏర్పాటు తీసుకున్నవాళ్లలో అలాంటివాళ్లు మూడో వంతు కన్నా తక్కువ ఉంటేనే ఇది లాభం. రెండో జతను తగ్గింపు లేకుండానే అడిగి కొనేవాళ్లు ఎందరో ఆగస్టులోనే రెండు వారాలు బిల్లులు చూసుకుంటే తెలిసిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2,500 రూపాయల దాకా ఉన్న చెప్పుల మీద జీఎస్‌టీ 5 శాతానికి తగ్గింది. పన్ను తగ్గడం వల్ల దిగిన ధరను అంగడి తన సొంత తగ్గింపుగా చెప్పుకుంటే అది కొనేవాణ్ని తప్పుదోవ పట్టించడమే.

ఒక వాయుగుండం, అయిదు రోజులు

ముసురు వానకు ఉన్న మంచి గుణం అది ముందే తెలియడం. అక్టోబరు చివర బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి వాయుగుండంగా మారుతోందని భారత వాతావరణ శాఖ చెప్పిన రోజు నుంచి లెక్క పెట్టుకుందాం. మదనపల్లెలో ఒక మామూలు అంగడిని ఊహించుకుంటే దాని అయిదు రోజులు ఇలా నడుస్తాయి.

మొదటి రోజు కొనేవాళ్లకు ఏ కబురూ వెళ్లదు. అంగడివాళ్లు సరుకు మాత్రం లెక్క చూస్తారు. ముఖ్యంగా చూడాల్సింది రెయిన్‌కోట్ల సైజులు. మోటారుసైకిలు నడిపేవాడు చొక్కా మీద, ఒక్కోసారి జెర్కిన్ మీద కోటు తొడుక్కుంటాడు. అతనికి మామూలు కన్నా ఒక సైజు పెద్దది కావాలి. అందుకే ఎక్స్ఎల్, డబుల్ ఎక్స్ఎల్ ముందు అయిపోతాయి, ఎం సైజు అలమరాలో మిగిలిపోతుంది. మొత్తం ముప్ఫై కోట్లున్నాయని ధైర్యపడి, అందులో ఇరవై ఎవరికీ సరిపోనివని వాన రోజున తెలుసుకునే అంగళ్లు ఉన్నాయి. మదనపల్లెకు బెంగళూరు మూడు గంటల దారి. చిక్‌పేట నుంచి మర్నాటికి సరుకు తెప్పించుకోవచ్చు. కాబట్టి మేలోనే ఏడాది సరుకు నింపి డబ్బు ఇరికించుకోనక్కర్లేదు. కాకపోతే అదే ముసురు బెంగళూరుకూ పడుతుంది, అక్కడి టోకు అంగళ్ల మీద అందరూ ఒకేసారి పడతారు. ఆర్డరు ఈ మొదటి రోజే వెళ్లాలి, మూడో రోజు కాదు.

రెండో రోజు జిల్లాకు పసుపు లేక నారింజ రంగు హెచ్చరిక వస్తుంది. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వాన, 115.6 నుంచి అతి భారీ వాన. రంగు ఒక్కటే చూసి కబురు రాయకూడదు. నారింజ రంగు జిల్లా మొత్తానికి ఇస్తారు. తూర్పున కొండల కింద కుంభవృష్టి పడి, మిట్ట మీద తుంపరతో సరిపెట్టిన రోజులు తక్కువేమీ కాదు. ఆ సాయంత్రం వెళ్లే మాట ఇలా ఉండవచ్చు: 'రేపటి నుంచి ముసురు పట్టవచ్చని వాతావరణ శాఖ చెప్తోంది. బండి మీద వెళ్లేవాళ్లకు ఎక్స్ఎల్, డబుల్ ఎక్స్ఎల్ కోట్లు వచ్చాయి. రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటాం.' ఇందులో తగ్గింపు లేదు. భయపెట్టడం కూడా లేదు. చెప్పింది ఎవరో, సరుకు ఏముందో, ఎప్పటిదాకా దొరుకుతుందో మాత్రమే ఉంది.

మూడో రోజు వాన మొదలవుతుంది. ఇక ఫోనులో కబురు కన్నా అంగడి ముఖమే ఎక్కువ మాట్లాడుతుంది. పంచ కింద తడవకుండా నిలబడ్డవాళ్లను తరిమేయకుండా, వాళ్ల చేతికి అందే ఎత్తులో గొడుగులు వేలాడదీయాలి. ధర చీటీలు బయటికి కనిపించాలి. ధర అడగడానికి మొహమాటపడేవాళ్లు చీటీ చూసి కొంటారు. గుమ్మం దగ్గర గోనెపట్ట పరవాలి. తడి బండ మీద కొనేవాడు జారిపడ్డ రోజు ఏ ప్రచారమూ అంగడిని కాపాడదు.

నాలుగో రోజుకు గొడుగుల అమ్మకం తగ్గి చెప్పులు మొదలవుతాయి. ముందు రోజు తడిసిన బూట్లు ఇంకా ఆరలేదు, వేసుకోవడానికి ఇంకో జత లేదు. మూడు గంటల్లో ఆరిపోయే ఈవీఏ చెప్పుల గురించి, అడుగున లోతైన గాట్లున్న రబ్బరు చెప్పుల గురించి కబురు వెళ్లాల్సింది ఈ రోజు. ఎర్రమట్టి బురదలో అరిగిన హవాయి చెప్పు ఎలా జారుతుందో ఇక్కడ అందరికీ తెలిసిందే, వర్ణన అక్కర్లేదు.

అయిదో రోజు ఎండ కాస్తుంది. ఆ రోజు పంపాల్సిన మాట అమ్మకానిది కాదు. రెయిన్‌కోటు మడిచి పెట్టకుండా నీడలో ఆరేయమని, గొడుగు తెరిచి ఆరబెట్టి పుల్లల కీళ్ల దగ్గర ఒక చుక్క నూనె వేయమని చెప్తే సరిపోతుంది. ఆ సలహా విన్నవాడి గొడుగు ఎక్కువ కాలం మన్నుతుంది, అంగడికి కాస్త నష్టమే. కానీ ఆ నంబరు నుంచి వచ్చే కబురు చదవదగ్గదని అతనికి అలవాటవుతుంది. వచ్చే వాయుగుండానికి అది కావాలి.

సాయంత్రపు ఉరుముల వానకు ఇంత తీరిక ఉండదు. దానికి వాతావరణ శాఖ మూడు గంటల ముందస్తు హెచ్చరికే దిక్కు. ఉదయం సూచనలో ఉరుములున్నాయా, మధ్యాహ్నం పడమర నల్లబడిందా అన్న రెండూ కలిసినప్పుడే కబురు పంపడం మంచిది. ఒకదాన్నే నమ్మి 'వాన వస్తోంది' అని రెండు మూడుసార్లు వట్టి కబుర్లు పంపితే, నిజంగా వచ్చిన రోజు ఎవరూ తెరిచి చూడరు.

కబురు వెళ్లే దారి

ఎక్కువ అంగళ్లు వాట్సాప్ వాడతాయి. అందులో బ్రాడ్‌కాస్ట్ జాబితాకు 256 మందే హద్దు. అంతకంటే ముఖ్యమైన సంగతి, అంగడి నంబరును తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే ఆ కబురు చేరుతుంది. వెయ్యి నంబర్లు రాసుకున్నామని సంబరపడే అంగడి మాట నిజానికి వంద మందికే వెళ్తుండవచ్చు. బిల్లు ఇచ్చేటప్పుడు కొనేవాడి నంబరు తీసుకోవడం సగం పనే. 'వాన కబురు పంపుతాం, మా నంబరు పెట్టుకోండన్నా' అని అడిగి, అతని ఫోనులో పేరు ఎక్కేలా చూడడం మిగతా సగం.

ఎస్సెమ్మెస్‌కు టెలికాం నియంత్రణ సంస్థ 2018 నిబంధనలున్నాయి. వ్యాపార సందేశం పంపాలంటే సంస్థను, పంపే పేరును, సందేశం నమూనాను ముందుగా నమోదు చేయించుకోవాలి. వాన పడుతున్నప్పుడు కొత్త వాక్యం రాసి పంపడం కుదరదు. నాలుగు వానలకు నాలుగు నమూనాలు, తేదీకీ సరుకు పేరుకూ ఖాళీలు వదిలి ఏప్రిల్‌లోనే నమోదు చేసి ఉంచుకోవాలి. ఇంకో చిక్కు లిపిది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక సందేశానికి 160 పడితే తెలుగులో 70 మాత్రమే. గుణింతపు గుర్తులు విడిగా లెక్కకొస్తాయి కాబట్టి 'గొడుగు' అన్న చిన్న మాటే ఆరు స్థానాలు తింటుంది. పది మాటలు దాటితే రెండో సందేశం ఖర్చు పడుతుంది. అంగడి పేరు, సరుకు, వేళ, ఈ మూడింటికే చోటు.

ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పడం పల్లెల వైపు ఇప్పటికీ పనిచేస్తుంది. పోలీసు అనుమతి కావాలి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మోగించకూడదు. వానలో మాత్రం ఆ గొంతు ఎవరికీ వినపడదు. మైకు పని ముందు రోజుదే.

కుప్పం: వాన బెంగళూరులో, గొడుగు ఇక్కడ

కుప్పం లెక్క మిగతా రెండు ఊళ్లకన్నా వేరు. జోలార్‌పేట, బెంగళూరు రైలు మార్గం మీదున్న ఈ పట్టణం నుంచి ఉద్యోగాలకు, కూలి పనులకు రోజూ బెంగళూరు వైపు వెళ్లివచ్చేవాళ్లు చాలామంది. తెల్లవారకముందే రైలెక్కేటప్పుడు కుప్పంలో ఆకాశం తేటగా ఉంటుంది. సాయంత్రం పని దిగేసరికి బెంగళూరులో కుండపోత. ఈ కొనుగోలుదారుకు కుప్పం వాతావరణ సూచన చెప్పి లాభం లేదు. అంగడివాళ్లు బెంగళూరు సూచన చూడాలి. పైగా కబురు ముందు రోజు సాయంత్రం, రైలు దిగి ఇంటికి నడిచే వేళకు అందాలి. తెల్లవారాక పంపిన మాట రైల్లో చదువుకోవడానికే పనికొస్తుంది, కొనడానికి కాదు.

అతనికి కావలసిన సరుకు కూడా వేరు. కిక్కిరిసిన పెట్టెలో పొడుగు గొడుగు పక్కవాళ్లకు గుచ్చుకుంటుంది. భోజనం డబ్బా ఉన్న బ్యాగులో ఇమిడే మూడు మడతలది కావాలి, తడి గొడుగు వేసుకోవడానికి దానితో పాటు ఒక నీరు కారని సంచి. ఆ సంచి ఉచితంగా ఇస్తే గొడుగు మీద ముప్ఫై రూపాయలు తగ్గించడం కన్నా అతనికి ఎక్కువ ఉపయోగం, అంగడికి తక్కువ ఖర్చు.

మూడు రాష్ట్రాలు కలిసే చోటు కావడంతో కుప్పంలో తెలుగుతో పాటు తమిళం, కన్నడం వినిపిస్తాయి. ఇంట్లో తమిళం మాట్లాడి తెలుగు బడిలో చదివినవాళ్లకు తమిళ లిపి బోర్డు కన్నా తమిళంలో మాట్లాడి పంపిన ఇరవై సెకన్ల వాట్సాప్ ఆడియో దగ్గరగా ఉంటుంది. బోర్డు తెలుగులో, గొంతు మూడు భాషల్లో అన్న ఏర్పాటు ఇక్కడ తేలిక.

వాటర్‌ప్రూఫ్ అన్న మాటకు హద్దు

రెయిన్‌కోటు బట్ట నీటిని ఆపినా, కుట్టు దగ్గర సూది రంధ్రాల్లోంచి నీరు దిగుతుంది. లోపలి వైపు కుట్టు మీద టేపు అతికి ఉందో లేదో తిరగేసి చూస్తే తెలుస్తుంది. టేపు లేని కోటు నడిచేవాడికి చాలు. బండి మీద నలభై కిలోమీటర్ల వేగంతో వానకు ఎదురు వెళ్లేవాడికి భుజాల దగ్గరా, కూర్చునే చోటా అరగంటలో తడి తెలుస్తుంది. అలాంటి కోటును 'చుక్క నీరు దిగదు' అని అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. చట్టం సంగతి అటుంచినా, తడిసిన మనిషి మర్నాడు కోటు తిప్పి తెచ్చి నలుగురి ముందు బల్ల మీద వేస్తాడు. టేపు ఉన్నవీ లేనివీ పక్కపక్కన వేలాడదీసి, ఇది నడకకు, ఇది బండికి అని చీటీ కట్టడం మేలు. ధర ఎక్కువున్నదే ఎక్కువ అమ్ముడవడం అప్పుడు చూడవచ్చు. పాంచో గురించి కూడా ఒక జాగ్రత్త చెప్పి అమ్మాలి. బండి మీద దాని అంచు గాలికి లేచి వెనక చక్రంలో పడే ప్రమాదముంది.

ఇంకో హద్దు సరుకు లేని ప్రకటన. పది కోట్లు మాత్రమే పెట్టుకొని 'సగం ధరకే రెయిన్‌కోట్లు' అని ఊరంతా చెప్పి, వచ్చినవాళ్లకు ఖరీదైనవి చూపించడాన్ని 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు ఎర ప్రకటనల కింద పెట్టాయి. సరుకు పరిమితంగా ఉంటే ఆ సంగతి ప్రకటనలోనే స్పష్టంగా చెప్పాలి. 'మొదటి పది మందికి' అని రాయడం వల్ల పోయేదేమీ లేదు.

మిగిలిన సరుకు

డిసెంబరు చివరికి ముసుర్లు ఆగిపోతాయి. మిగిలిన గొడుగులు వచ్చే మార్చిలో ఎండకు కదులుతాయి కాబట్టి వాటిని తెగనమ్మే తొందర అక్కర్లేదు. పీవీసీ రెయిన్‌కోట్లు మడతల్లో గట్టిపడి పగులుతాయి. ఎప్పటి మడత అప్పుడే ఉంచకుండా హ్యాంగరుకు తగిలించి, మధ్యలో టాల్కం పొడి చల్లి దాచాలి. లేదా సంక్రాంతి ముందే తగ్గింపులో వదిలించుకోవాలి.

అసలు జాగ్రత్త పాలీయురిథేన్ అడుగున్న చెప్పులతో. వాడినా వాడకపోయినా గాలిలోని తేమ ఆ పదార్థాన్ని లోపలినుంచి విరగ్గొడుతుంది. మూడు నాలుగేళ్లు పెట్టెలో ఉన్న జత చూడడానికి కొత్తగానే ఉండి, వేసుకున్న వారానికి అడుగు పొడిపొడిగా రాలిపోవచ్చు. ఈవీఏకూ రబ్బరుకూ ఇలా జరగదు. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం చూసి, పాతవాటి అడుగును బొటనవేలితో గట్టిగా నొక్కి చూడాలి. గుంట పడి అలాగే ఉండిపోయినా, వేలికి జిగురుగా తగిలినా, పగుళ్లు కనిపించినా ఆ జతను తగ్గింపు బుట్టలో వేయకూడదు, పక్కన పడేయాలి. మిగతావాటిని పెట్టెల మీద నెల కనిపించేలా, పాతవి ముందుకు వచ్చేలా పేర్చి, గోడకు జానెడు ఎడంగా అలమరాల్లో సర్దితే మేలో వచ్చే మొదటి గాలివానకు లెక్క సిద్ధంగా ఉంటుంది.